బెడ్ 14 ఖాళీ: పేషెంట్ చెప్పకుండా వెళ్లిపోతే ఏం చేయాలి?

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి మగ మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరి నాలుగు నెలలైంది. మొన్న నైట్ డ్యూటీలో ఒకాయన బెడ్ మీద లేరు. సీనియర్ని అడిగితే "ఆబ్‌స్కాండెడ్ అని రాసేయ్, పొద్దున్న చూసుకుంటారు" అన్నారు. రాశాను గానీ మనసు ఒప్పుకోవట్లేదు. అసలు ఎవరికి, ఎంతసేపట్లో చెప్పాలి? ఎక్కడ వెతకాలి? ఇంటివాళ్లకి ఫోన్ చేసి ఏమనాలి?

సమాధానం:

"ఆబ్‌స్కాండెడ్" అన్నది అన్నీ తేలాక చివర్లో రాసే మాట. ఆ మాట రాశారంటే, ఆయన తెలిసే వెళ్లాడని మీరు తేల్చేశారన్నమాట. రాత్రి, 1:40కి అనుకుందాం, బెడ్ ఖాళీగా చూసినప్పుడు మీకు అంత తెలియదు. తెలిసింది ఒక్కటే: 1:40కి ఆయన బెడ్ మీద లేరు. కేసు షీటులో ముందు రాయాల్సింది అదే. రేపు ఆ మనిషి కాలవలోనో పట్టాల పక్కనో దొరికితే, పారిపోయాడని నీకెలా తెలిసింది అన్నదే మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అవుతుంది.

సంతకం పెట్టి, డాక్టరు వద్దన్నా వెళ్లేవాళ్లది లామా. వాళ్ల సంగతి వేరు. చెప్పకుండా వెళ్లేవాళ్లు రెండు రకాలు. వైద్యం నచ్చకో, ఇంటి దగ్గర పనుండో, డబ్బు లేకో తెలివితోనే వెళ్లేవాళ్లు ఒక రకం. తామెక్కడున్నారో తెలియక నడిచి వెళ్లిపోయేవాళ్లు రెండో రకం. ఈ రెండో రకానికే గంటలు లెక్క. మొదటి ఐదు నిమిషాలు వెతకడానికి పరుగెత్తకుండా బెడ్ దగ్గర నిలబడి చూడమనేది ఆ రెండూ విడదీయడానికే.

మీకు అర్థమయ్యేలా ఒక కేసు తీసుకుని చెబుతాను. బెడ్ 14, వయసు 54, టెక్కలి దాటాక ఒక పల్లె. కుడికాలు వాచి చీము పట్టి, జ్వరంతో మంగళవారం పొద్దున చేరారు. రోజూ మందు తాగే మనిషి, చివరిసారి తాగింది సోమవారం రాత్రి 8 గంటలకి. బుధవారం సాయంత్రం నాడి 116, చేతులు వణుకుతున్నాయి, "ఎడ్లు కట్టాలి, చీకటి పడిపోతంది" అని రెండుసార్లు లేచారు. ఆ రాత్రి దాటి గురువారంలోకి వచ్చాక, 1:40కి బెడ్ ఖాళీ.

ముందు మంచం కింద చూడండి. చెప్పులు అక్కడే ఉన్నాయి. ఫోను దిండు కింద ఉంది. ఆధార్ జిరాక్సు, ఎక్స్‌రే ఉన్న సంచి మంచం కోడుకి వేలాడుతూనే ఉంది. తెలిసి వెళ్లిపోయే మనిషి చెప్పులు వేసుకుంటాడు, ఫోను తీసుకుంటాడు, చాలాసార్లు ఎక్స్‌రే కవరు కూడా పట్టుకుపోతాడు, ఎందుకంటే ఇంకో డాక్టరుకి చూపించాలి కదా. చెప్పులు, ఫోను, సంచి మూడూ వదిలేసి వెళ్లాడంటే అది రెండో రకం అనుకునే పని మొదలుపెట్టాలి. తర్వాత తప్పని తేలినా నష్టమేమీ లేదు.

తర్వాత సెలైన్ సీసా. ఈ కేసులో 500 మి.లీ. సీసా రాత్రి 10:15కి పెట్టారు, నిమిషానికి 30 చుక్కలు. మన దగ్గర మామూలు సెట్టుకి 20 చుక్కలు ఒక మి.లీ., అంటే గంటకి 90 మి.లీ. దిగుతుంది. సీసాలో 320 మిగిలి ఉంది. దిగింది 180, అంటే రెండు గంటలు. సెలైన్ ఆగింది 12:15 ప్రాంతంలో. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ట్యూబు లాగేసుకుని పోతే సెలైన్ నేల మీదికి కారుతూనే ఉంటుంది, సీసా ఖాళీ అవుతుంది, నేల తడిగా ఉంటుంది. ఇక్కడ నేల పొడిగా ఉంది, రోలరు మూసి ఉంది. అంటే ఎవరో ఆపారు. మంచం పక్కన చాప మీద పడుకున్న భార్యని లేపి అడిగితే తేలింది: "బాత్రూంకెల్తానంటే నానే ఆపి ట్యూబు ఊడదీసినానమ్మ. కన్నంటుకుపోనాది." ఆ ఒక్క మాటతో మూడు సంగతులు వచ్చాయి. చివరిసారి చూసిన సమయం 12:15. వెళ్లిన దిక్కు బాత్రూం. సూది ఇంకా చేతికే ఉంది, ఇది వెతికేవాళ్లకి పెద్ద గుర్తు.

మరి ఎందుకు వెళ్లాడు? చివరి మందు పడి 52 గంటలైంది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు మొదటి రోజే మొదలవుతుంది. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి మతి చెదురుతుంది, లేనివి కనిపిస్తాయి, వార్డు ఇల్లులా, పొలంలా తోస్తుంది. దీన్ని మొండితనం అనుకుంటే పొరపాటు. వైద్యం అందకపోతే ప్రాణం తీసే జబ్బు ఇది. సాయంత్రం ఎడ్ల మాట ఎత్తినప్పుడే డ్యూటీ డాక్టరుకి చెప్పి ఉంటే ఈ రాత్రి ఇలా జరిగేది కాదేమో. ఆ సంగతి తర్వాత మాట్లాడుకోవాలి, ఇప్పుడు కాదు.

ఇలా గడియారంతో పరుగెత్తాల్సినవి ఇంకా ఉన్నాయి. సాయంత్రం ఇన్సులిన్ వేయించుకుని భోజనం చేయకుండా పోయిన షుగరు పేషెంట్ ఒకరు. ప్లెయిన్ ఇన్సులిన్ అయితే వేసిన 2 నుంచి 4 గంటల్లో బాగా పనిచేస్తుంది, ఆలోగా షుగరు పడిపోయి రోడ్డు పక్కన పడిపోవచ్చు. పురుగుమందు తాగి కోలుకున్నట్టు కనిపించేవాళ్లు ఇంకొకరు. తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు బలం తగ్గే ప్రమాదం ఉంటుంది, పైగా మళ్లీ ప్రయత్నించే భయమూ ఉంటుంది. ముసలితనంలో జ్వరంతో తికమకపడేవాళ్లు, తలకి దెబ్బ తగిలినవాళ్లు, మైనర్లు కూడా ఈ వరసలోనే. వీళ్లలో ఎవరు కనిపించకపోయినా, వెతకడం అయ్యాక చెబుదాం అనుకోవద్దు. ఒక పక్క వెతుకుతూ, ఇంకో పక్క చెప్పాలి.

రాత్రి వార్డులో నర్సు మీరొక్కరే అయితే మీరు కదలకూడదు. మిగతా పేషెంట్లు మీ చేతిలో ఉన్నారు, పక్క వార్డు నర్సు వచ్చి నిలబడితే తప్ప మీరు గేటు దాకా పోకూడదు. వెతకడానికి వెళ్లేది వార్డులో సాయంగా ఉండే ఎంఎన్ఓ, సెక్యూరిటీ. మీ చేతిలో ఉండాల్సినవి ఫోను, కాగితం. ముందు డ్యూటీ డాక్టరు, వెంటనే సెక్యూరిటీ గేటు, తర్వాత రాత్రి డ్యూటీ సూపర్‌వైజరు లేదా హెడ్ నర్సు. ఆర్ఎంఓకి, సూపరింటెండెంటుకి డాక్టరు చెబుతారు, చెప్పారో లేదో అడిగి రాసుకోండి. గేటుకి చేసే ఫోన్‌లో పేరు కన్నా రూపం ముఖ్యం: "నీలం గళ్ల లుంగీ, తెల్ల బనీను, చెప్పుల్లేవు, కుడికాలికి కట్టు, ఎడమ చేతికి సూది. 12:15 తర్వాత ఎవరైనా ఇలా బయటికి వెళ్లారా?" కాపలావాళ్ల గురించి ఒక మాట. ప్రైవేటు ఆసుపత్రుల్లో గేటు దగ్గర బిల్లు స్లిప్పు లేని సంచిని ఆపుతారు గానీ, చెప్పుల్లేకుండా చేతికి సూదితో పోతున్న మనిషిని ఆపరు. ఆ రెండోది ఆపమని ముందే చెప్పి పెట్టుకోవాలి.

లోపల వెతకడానికి పదిహేను నిమిషాలు చాలు, వరస తప్పకపోతే. ఎక్కడ చివరిసారి చూశారో అక్కడ మొదలుపెట్టి బయటికి పోవాలి. ఇక్కడ అది బాత్రూం. తలుపు గడియ వేసి ఉంటే "ఎవరో ఉన్నారులే" అని వెనక్కి రావద్దు, పిలవండి, పలక్కపోతే తలుపు కింద సందులోంచి కాళ్లు చూడండి. వార్డు నుంచి మాయమైన పేషెంట్ బాత్రూంలోనే పడి ఉండటం ఎంత మామూలో, దాన్ని చివర్లో చూడటమూ అంతే మామూలు. తర్వాత పక్క వార్డుల్లో మంచాలు. మతి చెదిరిన మనిషి తిరిగొస్తూ వేరే వార్డులో ఖాళీ మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంటాడు, అక్కడి నర్సు తన పేషెంటే అనుకుంటుంది. కాబట్టి పక్క వార్డులో "మా వాడు వచ్చాడా?" అని అడిగి సరిపెట్టుకోకుండా, తలలు లెక్కపెట్టించండి. ఆపైన మెట్లు, మేడ మీదికి వెళ్లే తలుపు, వరండాలో అటెండర్లు పడుకునే చోటు, లిఫ్టు వెనక చీకటి, కడుతున్న భవనం, సంపు మూతలు, మార్చురీ వెనక సందు. మేడ తలుపు తాళం వేసి ఉందా లేదా అన్నది చేత్తో లాగి చూడాలి, తాళం వేలాడుతున్నంత మాత్రాన వేసినట్టు కాదు.

సీసీ కెమెరా చూసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. కెమెరా గడియారాన్ని నమ్మేస్తారు. ముందు తెర మీద ఇప్పుడు ఎంత చూపిస్తోందో, మీ ఫోనులో ఎంతో పక్కపక్కన పెట్టి చూడండి. ఈ కేసులో కెమెరా 7 నిమిషాలు ముందుంది. తెర మీద 12:31కి చెప్పుల్లేకుండా గేటు దాటిన మనిషి, నిజానికి 12:24కి దాటాడు. ఆ ఏడు నిమిషాలు చిన్నవే అనిపిస్తాయి గానీ, ఆర్టీసీ కాంప్లెక్సు కెమెరాతోనో రోడ్డు మీద షాపు కెమెరాతోనో కలిపి చూసేటప్పుడు తప్పు మనిషి వెంట పడేలా చేస్తాయి.

గేటు దాటాడని తేలాక లెక్క మారుతుంది. చెప్పుల్లేవు, ఫోను లేదు, భార్య దగ్గరున్న డబ్బు అలాగే ఉంది, కాబట్టి ఆటో ఎక్కే వీలు తక్కువ, నడిచే పోతున్నాడు. బాగున్న మనిషి గంటకి నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు, వాచిన కాలితో రెండు అనుకోండి. 12:24 నుంచి 2:20కి సుమారు రెండు గంటలు, అంటే నాలుగు కిలోమీటర్ల లోపే ఉండాలి. ఎటు? మతి చెదిరినవాళ్లు దిక్కు తెలియకుండా తిరుగుతారని అనుకుంటాం గానీ, మనసులో ఉన్నదాని వైపే పోతారు. ఈయన మనసులో ఉన్నవి ఎడ్లు. ఇల్లు టెక్కలి అవతల, అంటే నరసన్నపేట వైపు హైవే. కాబట్టి మొదటి బండి అటు పోవాలి, రెండోది కాంప్లెక్సుకి. నాగావళి వంతెనల మీద ఒకసారి చూడమని పోలీసులకి చెప్పాలి, ముఖ్యంగా ప్రాణం తీసుకుంటానన్న మనిషి అయితే. డబ్బు ఉన్నవాళ్లు, కొడుకు వేరే ఊళ్లో ఉన్నవాళ్లు అయితే ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్ కూడా చూడాలి. రైల్వే వాళ్లకి 139 నంబరు ఉంది.

ఇంటివాళ్ల సంగతి. ఇక్కడ భార్య పక్కనే ఉంది కాబట్టి సగం పని అయిపోయింది. కానీ ఆమెకే మొదట చెప్పాల్సిన మాట ఒకటుంది, అది చాలామంది చెప్పరు: తప్పు నీది కాదు అని. అలా చెప్పకపోతే ఆమె భయంతో నిజం దాస్తుంది. మందు సంగతి, నిన్న గొడవపడ్డ సంగతి, అప్పుల సంగతి చెప్పదు. మనకి కావలసినవి అవే.

తోడు లేని పేషెంట్ అయితే కేసు షీటు మీద నంబరు మీద ఆధారపడతాం. ఆ నంబరు ఎవరిదో చూసుకోండి. మన జిల్లాలో అది చాలాసార్లు చెన్నైలోనో హైదరాబాదులోనో పనికి పోయిన కొడుకుది, లేదా పేషెంట్‌ని దింపి వెళ్లిపోయిన పక్కింటాయనది. కొడుకు రాలేడు గానీ ఊళ్లో పది మందికి ఫోన్ చేయించగలడు. అతనితో మాట్లాడటం ఇలా ఉంటే బాగుంటుంది:

"బాబూ, నేను శ్రీకాకుళం ఆసుపత్రి వార్డు నుంచి నర్సుని మాట్లాడుతున్నాను. మీ నాన్నగారు రాత్రి పన్నెండుంపావుకి బాత్రూంకని లేచి, ఇప్పటిదాకా బెడ్ దగ్గరికి రాలేదు. గేటు దాటి బయటికి వెళ్లినట్టు కెమెరాలో కనిపించింది. వెతుకుతున్నాం, పోలీసులకి చెప్పాం. మీకు గానీ, ఇంకెవరికైనా గానీ ఫోన్ చేశారా?"

ఇందులో "పారిపోయాడు" లేదు, "ఏమీ కాదులే" కూడా లేదు. మొదటిది అవమానం, రెండోది మీరు ఇవ్వలేని హామీ. ఆ తర్వాత అడగాల్సినవి: కోపం వస్తే, బెంగ వస్తే ఎవరింటికి పోతారు? దారిలో తెలిసినవాళ్లెవరు? రోజూ మందు ఎక్కడ తాగుతారు? చనిపోతానని ఎప్పుడైనా అన్నారా? ఈ చివరి ప్రశ్న అడగడానికి జంకుతాం. సూటిగానే అడగాలి, దాని జవాబు మీద వెతికే చోటు మారిపోతుంది. ఈ మధ్య తీసిన ఫొటో వాట్సాప్‌లో పంపమనండి, పెళ్లిలో తీసిందో ఆధార్‌లోదో కాదు.

ఇంకో రెండు మాటలు ఖచ్చితంగా చెప్పాలి. ఒకటి, ఇంటిల్లిపాదీ బయల్దేరి ఆసుపత్రికి రావద్దు, ఒకరు ఇంట్లోనే మెలకువగా ఉండాలి. చాలామంది తిరిగి తిరిగి ఇంటికే చేరతారు, అప్పుడు తలుపు తాళం వేసి ఉండకూడదు. రెండు, మాట్లాడటానికి ఇంటి తరఫున ఒక్క మనిషి, ఒక్క నంబరు. గంటకోసారి, ఏమీ తెలియకపోయినా, మీరే చేస్తానని చెప్పి చేయండి. అలా చెప్పకపోతే నాలుగు నంబర్ల నుంచి ఇరవై ఫోన్లు వస్తాయి, ఆ హడావిడిలో అసలు కబురు తప్పిపోతుంది. ఫొటో, నంబరు గ్రూపుల్లో పెట్టొద్దని కూడా చెప్పండి. పెడితే "మీ నాన్న మా దగ్గరున్నాడు, ముందు ఐదు వేలు ఫోన్‌పే చెయ్" అనేవాళ్లు తయారవుతారు. తప్పదనుకుంటే ఇంటి నంబరు కాకుండా పోలీసు స్టేషన్ నంబరు పెట్టమనండి.

ఫోను ఎవరూ ఎత్తకపోతే ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే ఇదివరకటి ఆరోగ్యశ్రీ, నమోదులో వేరే నంబరు ఉండొచ్చు, అది చూడండి. తర్వాత ఆ ఊరి ఆశ కార్యకర్త, ఏఎన్ఎం, సచివాలయం, ఆ మండలం పోలీసు స్టేషన్. వీళ్లకి చెప్పాల్సింది ఒక్కటే: "ఫలానా వారింటికి వెళ్లి ఆసుపత్రికి ఫోన్ చేయమనండి." జబ్బు పేరు చెప్పకూడదు. మందు మానడం వల్ల మతి చెదిరిందనో, టీబీ అనో, హెచ్ఐవీ అనో ఊళ్లో పడితే మనిషి దొరికినా తలెత్తుకుని తిరగలేడు. హెచ్ఐవీ విషయంలో 2017 చట్టం ప్రకారం అలా బయటపెట్టడం నేరుగా తప్పు కూడా. ఒడిశా నుంచి, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన పేషెంట్ అయితే అక్కడి స్టేషన్‌కి పంపే కాగితం తెలుగులో కాకుండా ఇంగ్లీషులో పంపండి, లేకపోతే అది బల్ల మీదే పడి ఉంటుంది.

పోలీసులకి చెప్పడంలో మొదటి అపోహ 24 గంటలు ఆగాలన్నది. అలాంటి నియమం ఏ చట్టంలోనూ లేదు. పైన చెప్పిన ప్రమాదపు రకం అయితే లోపల వెతకడం మొదలుపెట్టిన పదిహేను, ఇరవై నిమిషాల్లోనే 112కి ఫోన్ చేయాలి, ఆసుపత్రి ఔట్‌పోస్టు ఉంటే అక్కడికి మనిషిని పంపాలి. తెలివితోనే వెళ్లాడని తేలిన పేషెంట్ అయితే ముందు ఇంటికి చేసి, అక్కడ లేడంటే అప్పుడు చెప్పొచ్చు. ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అయితే మాత్రం ఏ రకమైనా వెంటనే పోలీసులకి రాతపూర్వకంగా చెప్పాలి, ఎమ్మెల్సీ నంబరు రాయాలి. ఫోను ఒక్కటే చాలదు. డ్యూటీ డాక్టరు సంతకంతో రెండు కాపీలు తీసి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, సమయం, తీసుకున్నవారి పేరు, జనరల్ డైరీ నంబరు రాయించుకోవాలి. నోటితో "సరేనమ్మా" అన్నది రేపు ఎవరికీ గుర్తుండదు. కాగితం ఇలా ఉండొచ్చు:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, ఐపీ నంబరు. వయసు 54, పురుషుడు. మంగళవారం కాలి ఇన్ఫెక్షన్‌తో చేరారు. బుధవారం అర్ధరాత్రి దాటాక, గురువారం 12:15కి భార్య చివరిసారి చూశారు. 12:24కి గేటు దాటినట్టు కెమెరాలో ఉంది. 1:40కి బెడ్ మీద లేనట్టు గమనించాం. సుమారు 5 అడుగుల 4 అంగుళాలు, చామనఛాయ, నెరిసిన గడ్డం. నీలం గళ్ల లుంగీ, తెల్ల బనీను, చెప్పులు లేవు. కుడికాలికి మోకాలి కింద కట్టు, ఎడమ చేతికి సెలైన్ సూది. ప్రస్తుతం మతి స్థిమితంగా లేదు, వెంటనే వైద్యం అందకపోతే ప్రాణాపాయం. నరసన్నపేట వైపు నడిచి ఉండొచ్చు. కనిపిస్తే గట్టిగా పట్టుకోకుండా, ఇంటికి తీసుకెళ్తామని నెమ్మదిగా చెప్పి, 108లో ఇక్కడికి పంపగలరు. ఫొటో జతచేశాం."

"గట్టిగా పట్టుకోకుండా" అన్న మాట ఊరికే పెట్టలేదు. లేనివి కనిపిస్తున్న మనిషిని ఇద్దరు ఒక్కసారి పట్టుకుంటే దొంగలు పట్టుకున్నారనుకుని రోడ్డుకి అడ్డంగా పరుగెత్తుతాడు. ఇక స్టేషన్‌లో "తాగుబోతోళ్లంతా ఇంతే, వాడే వస్తాడు" అంటే, మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017లో సెక్షన్ 100 ఉందని మర్యాదగా గుర్తు చేయండి. తన సంగతి తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మానసిక రోగిని రక్షణలోకి తీసుకోవాల్సిన బాధ్యత ఆ స్టేషన్ అధికారిది. ఆ చట్టంలో మానసిక వ్యాధి నిర్వచనంలోకి మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులూ వస్తాయి.

ఇప్పుడు రాత. నర్సు నోట్సులో జరిగింది జరిగినట్టు, సమయాలతో: 1:40కి బెడ్ ఖాళీ, 1:42కి భార్యని లేపి అడిగాం, ఆమె ఏమన్నదో ఆమె మాటల్లో, 1:45కి డాక్టరుకి, గేటుకి చెప్పాం, 1:58కి 112కి ఫోన్, 2:05కి కొడుకుకి ఫోన్, మాట్లాడిందెవరు. వదిలేసిన వస్తువులు ఇద్దరు సాక్షుల ఎదుట లెక్క రాసి, సంతకాలు తీసుకుని, భార్యకి అప్పగించాలి. బెడ్ ఇంకొకరికి ఇవ్వొద్దు.

ఇక్కడే మొత్తం ఫైలు కూలిపోయే చోటు ఒకటి ఉంది. రాత్రి 10, 2, 6 గంటల బీపీ, నాడి ఒకేసారి పదింటికే నింపేయడం, పొద్దున్న ఆరింటి ఇంజక్షన్‌కి ముందే టిక్కు పెట్టేయడం. పని భారం తెలిసిందే, అలవాటుగా చేస్తారు. కానీ 12:24కి గేటు దాటిన మనిషికి చార్టులో "రాత్రి 2 గంటలు, బీపీ 120/80" అని ఉంటే, మీరు నిజంగా చేసిన ఫోన్లు, వెతుకులాట ఒక్కటీ ఎవరూ నమ్మరు. అలా రాసి ఉన్నట్టు కనిపిస్తే దిద్దొద్దు, చింపొద్దు, వైట్‌నర్ పెట్టొద్దు. ఒక్క గీతతో కొట్టి, పక్కన ఇప్పటి సమయం, సంతకం పెట్టి, ముందుగా రాసినది అని రాయండి. మందలింపు వస్తుంది, అది భరించగలిగేదే. మీరు ఇప్పటికే రాసిన "ఆబ్‌స్కాండెడ్" మీద కూడా ఇలాగే చేయొచ్చు: కింద కొత్త సమయంతో, ఏం తెలిసి ఆ మాట రాశారో, తర్వాత ఏం చేశారో కలిపి రాయండి.

ఈ కేసులో 2:50కి హైవే పక్కన, ఆసుపత్రికి ఐదు కిలోమీటర్ల లోపే, మూసి ఉన్న టీ కొట్టు ముందు కూర్చుని దొరికాడనుకుందాం. వార్డుకి రాగానే మొదట గ్లూకోమీటరుతో షుగరు, తర్వాత బీపీ, నాడి, జ్వరం, తల మీద దెబ్బలు, పాదాల కింద గాయాలు, కట్టు, సూది ఉన్న చోటు. ఆ సూది మళ్లీ వాడొద్దు, తీసేసి కొత్తది పెట్టాలి. డాక్టరు వచ్చి చూసి మందు మానిన లక్షణాలకి వైద్యం మొదలుపెట్టాలి, బెడ్ నర్సు టేబులు ఎదురుగా మార్చాలి, దీపం వెలుగుతూ ఉంచాలి, చీకట్లో ఈ భ్రమలు పెరుగుతాయి. ఎక్కడికి పోయావని నిలదీయడం వల్ల ఉపయోగం లేదు, ఆయనకి అది గుర్తుండకపోవచ్చు.

అలా కాకుండా పూర్తి తెలివితో ఇంటికి చేరినవాడు "నేను రాను" అంటే, బలవంతంగా తీసుకురాకూడదు. డాక్టరు ఫోన్‌లోనే మాట్లాడి, ఏ మందు ఆగిపోయిందో, ఏ లక్షణం వస్తే వెంటనే రావాలో ఇంటివాళ్లకి కూడా చెప్పి, ఆ సంభాషణ సమయంతో రాయాలి. చేతికి సూది ఉంటే ఇంట్లో లాక్కోవద్దని, దగ్గర్లోని పీహెచ్‌సీలో తీయించుకోమని, తీశాక దూదితో మూడు నిమిషాలు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే ఐదు నిమిషాలు నొక్కి పట్టుకోమని చెప్పండి. వీళ్ల విషయంలో, ఇదంతా అయ్యాక, "ఆబ్‌స్కాండెడ్" అని రాయొచ్చు.

రెండు సందర్భాల్లోనూ అందరూ మర్చిపోయే కాగితం ఒకటి మిగులుతుంది: పోలీసులకి రెండో ఉత్తరం. మొదటి దాని జనరల్ డైరీ నంబరు రాసి, ఏ తేదీ ఎన్నింటికి, ఎక్కడ, ఏ స్థితిలో దొరికారో తెలిపి, దానికీ ముద్ర వేయించుకోండి. అది ఇవ్వకపోతే వారం తర్వాత ఏ కాలవలోనో గుర్తు తెలియని మనిషి దొరికినప్పుడు, బెడ్ 14లో ఇడ్లీ తింటున్న ఆయన భార్యకి స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది.